ఇల్లు గెజిట్‌కెక్కింది, కప్పు కుంగుతోంది: ఖర్చు ఎవరిది?

"కోనసీమలో మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి. నూరేళ్లు దాటింది. మేం నలుగురం వాటాదారులం, అన్నయ్య ఒక్కడే ఆ ఇంట్లో ఉంటున్నాడు. ఈమధ్య పురావస్తు శాఖ వాళ్లు రక్షిత కట్టడంగా ప్రకటిస్తామని గెజిట్‌లో వేసి, నోటీసు గోడకి అంటించి వెళ్లారు. ఒక పక్క కప్పు కుంగుతోంది. ఇక రిపేర్లు వాళ్లే చేయిస్తారా? మేం చేయించుకుంటే కేసు పెడతారా? అసలు అమ్ముకోవచ్చా?"

నేను పాతికేళ్లకు పైగా గోదావరి జిల్లాల కోర్టుల్లో సివిల్ కేసులు చూస్తున్నాను. ఇలాంటి ఇళ్ల తగాదాలు నాలుగైదు నా చేతుల మీదుగా వెళ్లాయి. అన్నిట్లోనూ గొడవ ఒక్క అపోహ దగ్గరే మొదలైంది. ఇంటివాళ్లేమో "గెజిట్‌కెక్కింది కాబట్టి ప్రభుత్వం బాగుచేస్తుంది" అనుకుంటారు. ఆఫీసువాళ్లేమో "ఓనర్ ఉన్నాడు కాబట్టి ఓనర్ చూసుకుంటాడు" అనుకుంటారు. ఈలోగా రెండు వానాకాలాలు గడిచిపోతాయి.

నోటిఫికేషన్ వల్ల ఇల్లు ప్రభుత్వానిది అయిపోదు. అలాగని దాన్ని బాగుచేసే బాధ్యత కూడా దానంతటదే ప్రభుత్వం నెత్తిన పడదు. నోటిఫికేషన్ ఒక్కటే ఉండి వేరే ఏ కాగితమూ లేకపోతే మీకు మిగిలేవి ఆంక్షలు మాత్రమే. డబ్బు ఎవరిదన్నది ఆ తర్వాత రాసుకునే కాగితం తేలుస్తుంది. ఆ కాగితం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఆ నోటీసు మీద ఏ చట్టం పేరుందో చూడండి. కేంద్రానిది 1958 చట్టం, మన రాష్ట్రానిది 1960 చట్టం. మన వైపు ఇళ్లకి సాధారణంగా వచ్చేది రాష్ట్రానిదే. అది కూడా దాదాపు కేంద్ర చట్టం అచ్చులోనే ఉంటుంది. నేను కింద చెప్పే సెక్షన్ నంబర్లు కేంద్ర చట్టానివి. మీది రాష్ట్ర నోటీసైతే ఆ చట్టం కాపీ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. మీ ఇల్లు యానాంలో ఉంటే అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, మన రాష్ట్ర చట్టం అక్కడ చెల్లదు. ఇంకో మాట. ఇన్‌టాక్ లాంటి సంస్థలవాళ్లు వచ్చి ఫోటోలు తీసి, కొలతలు వేసుకుని, ఏదో జాబితాలో రాసుకుని వెళ్లారనుకోండి, దానికి ఈ చట్టాల బలం లేదు. అది స్వచ్ఛంద సంస్థ. జాబితాలో పేరు చూసి భయపడి, కప్పు దించకుండా రెండేళ్లు ఆగిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు.

మీకు వచ్చింది "ప్రకటిస్తాం" అనే గెజిట్ నోటీసు అంటున్నారు కాబట్టి అది మొదటి నోటీసు. కేంద్ర చట్టంలో అభ్యంతరాలకి రెండు నెలల గడువు. మీ నోటీసులో ఎంత రాశారో చదివి, ఆ తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆ గడువులో వచ్చిన అభ్యంతరాలు చూశాకే తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. తుదిది వచ్చేసిందంటే ఇక అదే సాక్ష్యం, "మా ఇంట్లో అంత గొప్పేముంది" అని సివిల్ కోర్టులో వాదించడానికి దారి ఉండదు. వద్దనుకుంటే ఇప్పుడే రాయాలి. కావాలనుకున్నా ఇప్పుడే రాయమంటాను, కానీ వేరే రకంగా. ఇల్లు మాది, వాటాదారులం ఫలానా నలుగురం, కప్పు ఈ స్థితిలో ఉంది, మరమ్మతు గురించి ఒప్పందం చేసుకోవడానికి సిద్ధం అని రాసి, ఫోటోలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముట్టినట్టు వచ్చే రసీదు దాచుకోండి.

ఇల్లు మాది అని ఎందుకు రాయమంటున్నానంటే, మన పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. పొలానికి ఉన్నట్టు పాస్‌బుక్కు, అడంగల్ లాంటివి వీటికి ఉండవు. ఇంటి పన్ను రసీదులు, పాత భాగపరిష్కార దస్తావేజు, కరెంటు బిల్లు, ఇవే ఆధారం. చట్టంలో యజమాని లేని కట్టడాన్ని శాఖే తన సంరక్షణలోకి తీసుకోవచ్చని ఉంది. మీ అన్నయ్య ఆర్నెల్లు కూతురి దగ్గరికి వెళ్లి, ఇంటికి తాళం వేసి ఉండగా సర్వే వాళ్లు వచ్చారనుకోండి. ఫైల్లో "యజమాని ఆచూకీ లేదు" అని ఒక వాక్యం పడితే దాన్ని తీయించడానికి నాలుగేళ్లు పడుతుంది. ఒక కేసులో ఆ వాక్యం ఆధారంగా ఇల్లు నిషేధిత ఆస్తుల జాబితాలోకి కూడా వెళ్లింది. వాటాదారులు తమ వాటా రిజిస్టర్ చేయించుకుందామని వెళితే గానీ ఆ సంగతి బయటపడలేదు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఎ జాబితా ఒకసారి చూసుకోండి. మీ వంశవృక్షం, పెద్దల మరణ ధ్రువపత్రాలు, పన్ను రసీదులు ఒక సెట్టు పురావస్తు శాఖ ఫైల్లో పడేలా చేయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. చట్టంలో దీనికి నాలుగు దారులున్నాయి.

మొదటిది, ప్రభుత్వం ఇల్లు కొనడమో, లీజుకు తీసుకోవడమో, మీరు దానంగా రాసివ్వడమో, లేదంటే హక్కు మీ దగ్గరే ఉంచుకుని రాతపూర్వకంగా శాఖని సంరక్షకుడిగా నియమించడమో. ఇవన్నీ సెక్షన్ 5 కింద వస్తాయి. అప్పుడు సెక్షన్ 14 ప్రకారం నిర్వహణ ప్రభుత్వ బాధ్యత. సంరక్షకుడిగా పెట్టినా మీ యాజమాన్యం పోదు, ఆ సంగతి చట్టంలోనే రాసి ఉంది. దీనికి చాలామంది భయపడతారు కానీ, ఎవరూ కాపురం ఉండని ఇంటికి నా లెక్కలో ఇదే మేలైన దారి.

రెండోది సెక్షన్ 6 ఒప్పందం. మీలా మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి ఇదే సరిపోతుంది. నిర్వహణ ఎవరు చేయాలి, ఖర్చులో ఎవరి వాటా ఎంత, జనం చూడడానికి ఎప్పుడు రావచ్చు, మీరు ఏ పనికి వాడకూడదు, అమ్మదలిస్తే ముందు ఎవరికి చెప్పాలి, అన్నీ ఇందులో రాసుకోవచ్చు. ఖర్చు ఇంత శాతం మీది, ఇంత శాతం వాళ్లది అని చట్టం ఎక్కడా చెప్పలేదు. అంటే బేరమాడుకోవాలి. చాలామంది అచ్చువేసిన నమూనా మీద సంతకం పెట్టేసి వచ్చి తర్వాత నా దగ్గరికి వస్తారు.

మూడోది, ఒప్పందానికి మీరు ఒప్పుకోకపోతే సెక్షన్ 9 కింద ప్రభుత్వం తనంతట తాను ఉత్తర్వు ఇవ్వచ్చు. మీ మాట వినే అవకాశం ఇవ్వకుండా మాత్రం ఇవ్వకూడదు. తమాషా ఏంటంటే, ఆ ఉత్తర్వులో "యజమానే నిర్వహించాలి" అని రాస్తే సహేతుకమైన ఖర్చంతా ప్రభుత్వమే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఎవరైనా వచ్చి "సంతకం పెట్టకపోతే బలవంతంగా మీ చేతే చేయిస్తాం, ఖర్చు కూడా మీదే" అంటే బెదిరిపోకండి. చేయించవచ్చు. ఖర్చు మాత్రం మీ మీద వేయలేరు.

నాలుగోది సేకరణ. రక్షిత కట్టడం పాడైపోతోందనో, దుర్వినియోగం అవుతోందనో అనిపిస్తే ప్రభుత్వం తీసేసుకోవచ్చు. పరిహారం లెక్క ఇప్పుడు 2013 భూసేకరణ చట్టం ప్రకారమే కట్టాలి, విలువ మీద నూటికి నూరు సొలేషియం అనే అదనపు సొమ్ము కూడా కలుపుతారు. ఇళ్ల విషయంలో అరుదు, అందుకని దాని జోలికి ఎక్కువ వెళ్లను.

ఈ నాలుగింట్లో ఏదీ జరగకపోతే మీరు ఎటూ కాకుండా మధ్యలో ఉన్నట్టు. పగలగొట్టడానికి, మార్చడానికి వీల్లేదు. కేంద్ర చట్టంలో అయితే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వరకు ఉంది. బాగుచేయమని ప్రభుత్వాన్ని కోర్టు ద్వారా అడగాలన్నా చేతిలో గట్టి కాగితం ఉండదు. రిట్ వేయచ్చు, కానీ "ఏ ఒప్పందం ప్రకారం అడుగుతున్నారు" అనే మొదటి ప్రశ్నకే ఆగిపోతాం.

నేను చూసిన ఒక కేసు చెబుతాను, లెక్కలతో సహా. ఊరు, పేర్లు వదిలేస్తాను. మీలాగే మండువా ఇల్లు, టేకు స్తంభాలు, పైన బంగాళా పెంకు. ముగ్గురు అన్నదమ్ములు, ఒక అక్క. 1996 నవంబరు తుఫానుకి పెంకంతా లేచిపోతే అప్పట్లో సొంత డబ్బుతో మళ్లీ వేయించుకున్నారు. ఇల్లు రక్షిత జాబితాలోకి వెళ్లాక, మండువాలో రెండు వాలులు కలిసే మూల కారడం మొదలైంది. చుట్టూ వాన నీళ్లన్నీ ఆ మూలకే చేరతాయి కదా, అక్కడి రేకు తుప్పుపట్టి, దాని కింది దూలం తల గోడలో కూర్చున్న చోట మెత్తబడింది. దూలం పుచ్చిందో లేదో పైకి తెలియదు. మేస్త్రీ ఉలితో పొడిచి చూపించాడు, బెత్తెడు లోపలికి వెళ్లిపోయింది.

ఊళ్లో ఉన్న తమ్ముడు ఆదరాబాదరా పని పెట్టించాడు. దూలం తీసి ఐరన్ గడ్డర్ వేశారు, తడిసిన గోడకి సిమెంటు పూత పూయించారు. శాఖ నుంచి నోటీసు వచ్చింది, కట్టడాన్ని మార్చారని. ఆయన వాదన "కూలిపోతుంటే చూస్తూ కూర్చోవాలా" అని. న్యాయమే. కానీ సిమెంటు పూత వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. డెల్టాలో కాలువలకి నీళ్లు వదిలాక భూమిలో నీటిమట్టం పైకి వస్తుంది, సున్నపు గోడ అడుగు నుంచి ఆ తేమని పీల్చి బయటికి ఆరబెట్టుకుంటుంది. పైన సిమెంటు బిగిస్తే తేమ ఆరే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. ఏడాదిన్నరకి మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకి వచ్చి, ఉప్పు పేలి, పూత పెచ్చులుగా రాలింది. ఆ గోడ ఫోటోలే మాకు తర్వాత పనికొచ్చాయి. శాఖ ఇంజనీరు, మేం కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయించి, సిమెంటు గీకేసి సున్నంతో పూయిస్తామని రాసిచ్చాక కేసు దాకా వెళ్లకుండా ఆగింది.

తర్వాత ఒప్పందం దగ్గర కూర్చున్నాం. తమ్ముడు అంతకుముందే ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాడు. అక్క ఒప్పుకోలేదు, "నా సంతకం లేకుండా నా వాటాని ఎలా కట్టేస్తారు" అని. ఆవిడ చెప్పింది సరైనదే. చట్టంలో "యజమాని" అంటే ఉమ్మడి యజమానుల్లో మిగతావాళ్ల తరఫున నిర్వహించే అధికారం ఉన్నవాడు కూడా వస్తాడు. ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి అధికారం ఉన్నట్టే అని శాఖ అనుకుంది. ఆ అధికారం ఇచ్చినట్టు కాగితం లేదు. చివరికి మిగిలిన ముగ్గురి దగ్గరా జీపీఏ తీసుకుని కొత్తగా రాశాం. మీవాళ్లెవరైనా అమెరికాలో ఉంటే అక్కడి మన కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకుని పంపమనండి. ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి, అది మర్చిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. ఆడపిల్లల వాటా గురించి ఇప్పటికీ "పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా" అనే మాట వినపడుతూనే ఉంటుంది. నోటి మాట ఈ కాగితంలో చెల్లదు. ఆవిడ సంతకం కావాలి.

ఒప్పందంలో మేం పట్టుబట్టింది మూడు మాటల కోసం. కప్పు, దూలాలు, గోడల పని శాఖే తన మనుషులతో చేయిస్తుంది. రోజువారీ పనులు, అంటే పెంకు సర్దడం, చూరు కాలువ శుభ్రం, చెదలమందు, ఇవి కుటుంబానివి. తుఫాను లాంటి అత్యవసరంలో కుటుంబం ఫోటోలు తీసి, ఉత్తరం పెట్టి, వెంటనే తాత్కాలిక రక్షణ చేసుకోవచ్చు, ఆ బిల్లు శాఖ తిరిగి ఇస్తుంది. మూడోదానికి ఆఫీసువాళ్లు మొదట ఒప్పుకోలేదు, బిల్లుల ఆడిట్ టెన్షన్ వాళ్లది. తాత్కాలికం అంటే ఏంటో రాసిచ్చాక ఒప్పుకున్నారు. సరుగుడు కర్రలతో ఊతం, టార్పాలిన్, ఇసుక బస్తాలు. తీసేస్తే మళ్లీ మునుపటిలా ఉండేవి మాత్రమే.

ఇక అందరూ పడే గుంట ఒకటుంది. ఒప్పందం చేసుకున్న మూడేళ్ల తర్వాత, ఆరు నెలల నోటీసు ఇచ్చి ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. ఇది చదివి చాలామంది "మూడేళ్లే కదా, ప్రభుత్వం ఖర్చుతో బాగుచేయించుకుని తర్వాత బయటపడదాం" అనుకుంటారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. యజమాని రద్దు చేస్తే, రద్దుకి ముందు ఐదేళ్లలో ప్రభుత్వం పెట్టిన నిర్వహణ ఖర్చు తిరిగి కట్టాలి. ఈ కుటుంబం 2016లో ఒప్పందం చేసుకుంది, 2017లో కప్పు పనికి శాఖ పెట్టింది 11 లక్షలు. తర్వాత ఏటా సగటున 40 వేలు. పెద్దన్న 2020లో రద్దు చేసి, ఇల్లు అమ్మేద్దామన్నాడు. అప్పుడు వెనక్కి ఐదేళ్లు లెక్కపెడితే ఒప్పంద కాలమంతా అందులోనే ఉంది. 11 లక్షలు, మూడేళ్ల 40 వేలు కలిపి 12 లక్షల 20 వేలు కట్టాలి. అదే 2023 దాకా ఆగితే కప్పు పని ఐదేళ్ల గీత దాటిపోతుంది, కట్టాల్సింది 2 లక్షలు. కాగితం మీద లెక్క వేసి చూపించాక ఆయన ఆగాడు. 2023 వచ్చేసరికి అమ్మే మాటే ఎత్తలేదు, అది వేరే కథ.

అమ్ముకోవచ్చా అని అడిగారు కదా. అమ్ముకోవచ్చు. రక్షిత కట్టడమైనంత మాత్రాన అమ్మకం ఆగదు. కానీ ఒప్పందంలో "ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి, మార్కెట్ ధరకి వాళ్లకే ముందు అవకాశం" అన్న షరతు ఉంటే అది పాటించాలి. కొన్నవాడికి కూడా మీ ఒప్పందం అంటుకునే ఉంటుంది. ఆ సంగతి దాచి అమ్మితే తర్వాత వాడు మీ మీదికే వస్తాడు, కాబట్టి అమ్మకం దస్తావేజులోనే గెజిట్ నంబరు రాయించండి. పెరట్లో కొత్త ఇల్లు కట్టుకుని పాతది వదిలేద్దామనే ఆలోచన ఉంటే, కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్లు అనుమతితోనే. ఇందులో మీ పక్కింటివాళ్లు కూడా ఇరుక్కుంటారు, కాబట్టి వాళ్ల అభ్యంతరాలు కూడా వస్తాయని అనుకోండి.

వాటాదారుల మధ్య పంపకం సంగతి. ఇలాంటి ఇంటిని గోడ కట్టి నాలుగు ముక్కలు చేయడం కుదరదు, అది కట్టడాన్ని మార్చినట్టే. పార్టిషన్ దావా వేసినా కమిషనర్ వచ్చి కొలిచి "పంచడానికి వీలుకాదు" అనే రాస్తాడు. అప్పుడు 1893 పార్టిషన్ చట్టం పనికొస్తుంది. సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్లు అడిగితే, పంచే బదులు అమ్మి సొమ్ము పంచమని కోర్టు చెప్పచ్చు. అప్పుడు కూడా అమ్మకం వద్దనేవాళ్లు విలువ కట్టించి, అడిగినవాళ్ల వాటాలు తామే కొనుక్కోవచ్చు. మీ అన్నయ్య ఒక్కడే ఇన్నాళ్లూ రిపేర్లకి పెట్టిన డబ్బు ఉంటే దానిలో మిగతావాళ్ల వాటా అడిగే హక్కు ఆయనకి ఉంది. కానీ బిల్లులు కావాలి, అవసరమైన పనే అని చూపించాలి. ఇంట్లో అద్దె లేకుండా ఉన్నందుకు మిగతావాళ్లు ఎదురు లెక్క వేస్తారు. రెండు లెక్కలూ కలిపి చూస్తే ఎవరికీ ఏమీ రాని కేసులు నేను చూశాను.

మీ కుంగుతున్న కప్పు గురించి ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, ఎందుకంటే మీది ఇంకా మొదటి నోటీసు దశే. ఫోటో తీసేటప్పుడు దూలం పక్కన ఒక తాడు గట్టిగా లాగి కట్టి, తాడుకీ దూలానికీ మధ్య ఎడం ఎంతుందో స్కేలు పెట్టి తీయండి. పదిహేను రోజులకొకసారి అదే చోట అదే కోణంలో తీయండి. ఎడం పెరుగుతుంటే పని అత్యవసరం, అది మీ సాక్ష్యం కూడా. ఊతం పెట్టేటప్పుడు సరుగుడు కర్ర అడుగున పలక వేసి నేల మీద నిలబెట్టండి, పాత గచ్చుని తవ్వకండి. శాఖకి ఉత్తరంలో "ఫలానా తేదీన ఊతం పెట్టాం, శాశ్వత మరమ్మతుకి తనిఖీ చేయండి" అని రాసి కాపీ కలెక్టర్ గారికి కూడా పంపండి. తుది నోటిఫికేషన్ వచ్చేలోపు హడావుడిగా పెద్ద మార్పులు చేసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తర్వాత ఒప్పందం బల్ల దగ్గర అదే మీకు ఎదురొస్తుంది.

కలెక్టర్ కాపీ ఎందుకంటే, ఇంకో చిక్కు ఉంది. పంచాయతీయో మున్సిపాలిటీయో "శిథిలమైన ఇల్లు, కూల్చేయండి" అని నోటీసు ఇస్తుంది. పురావస్తు శాఖ ముట్టుకోవద్దంటుంది. రెండిటికీ మధ్య మీ గోడ వీధిలోకి పడి ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట వచ్చేది ఆ ఇంట్లో ఉంటున్న మీ అన్నయ్య మీదికే. పంచాయతీ నోటీసు వస్తే ఆ వారంలోనే గెజిట్ కాపీ జతచేసి జవాబివ్వండి, రెండు శాఖల ఉమ్మడి తనిఖీ అడగండి. వీధి వైపు గోడ అయితే ఈలోగా కర్రలతో చుట్టూ దడి కట్టి జనాన్ని దూరం పెట్టండి. ఆ దడి ఫోటో కూడా దాచుకోండి.

పెద్ద పనికి ముహూర్తం మాత్రం కాలువలు కట్టేసే వేసవి రోజులే. ఏప్రిల్, మే నెలల్లో నీటిమట్టం దిగి గోడలు ఆరతాయి, సున్నం పట్టుకుంటుంది. ఒప్పందంలో పని గడువు రాయించేటప్పుడు "ఇన్ని నెలల్లో" అని కాకుండా "ఫలానా సంవత్సరం కాలువలు కట్టేసిన కాలంలో" అని రాయించండి. జూన్‌లో పెంకు దించి, బడ్జెట్ రాలేదని అక్టోబరు దాకా టార్పాలిన్ కింద వదిలేసిన ఇల్లు ఒకటి ఇప్పటికీ నాకు రోడ్డు మీద వెళుతుంటే కనపడుతూ ఉంటుంది. స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి.